పాటలో ప్రాస మాటలా వినిపించాలంటే

ఈ వ్యాసం తెలుగులో పాట రాస్తున్నవాళ్ళ కోసం. లైన్ చివర కలిసే అంత్యప్రాస అందరికీ అలవాటే. ఇక్కడ చెప్పేది లైన్ మొదట్లో, రెండో అక్షరం దగ్గర కలిసే ప్రాస గురించి. పద్యంలో ప్రాస అంటే ఇదే. దీన్ని ఇవాళ్టి పాటలో వాడితే భాష బిగుసుకుపోతుందని చాలామంది భయపడతారు. ఆ భయానికి కారణం ఉంది. అయితే బిగుసుకుపోయేది ప్రాస వల్ల కాదు, ప్రాస కోసం మనం ఎంచుకునే మాట వల్ల. ఆ మాట ఎలా ఎంచుకోవాలో ఒక పల్లవి, ఒక చరణం రాస్తూ చూపిస్తాను.

ముందు నియమం, పాటకు పనికొచ్చేంత మేరకు

ప్రతి లైన్‌లోనూ రెండో అక్షరంలోని హల్లు ఒకటే అయి ఉండాలి. దాని మీద అచ్చు మారవచ్చు. "నిన్న"లో రెండో అక్షరం న్న. దానికి "ఎన్ని", "నన్ను", "ఉన్నా" అన్నీ ప్రాస కలుస్తాయి. "వాన"లో ఉన్నది ఒంటి న కాబట్టి అది కలవదు. ద్విత్వానికి ద్విత్వమే, సంయుక్తాక్షరానికి అదే సంయుక్తాక్షరం రావాలి. ముందు సున్నా ఉంటే అన్ని లైన్లలోనూ సున్నా ఉండాలి. "అంద"కు "ముందు" సరిపోతుంది, "కథ" కాదు, "కద" కూడా కాదు. ల, ళ మాత్రం పాతకవులు కూడా కలిపి వాడారు, పాటలో చెవికి కూడా ఇబ్బంది ఉండదు.

ఇంకొక నియమం ఉంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. ప్రాసకు ముందున్న అక్షరం, అంటే లైన్‌లో మొట్టమొదటి అక్షరం, ఒక లైన్‌లో గురువైతే అన్ని లైన్లలోనూ గురువే కావాలి. లఘువైతే అన్నింట్లో లఘువే. "కల"కూ "గాలి"కీ రెండో అక్షరం ల అయినా ప్రాస కుదరదు, ఎందుకంటే క పొట్టిది, గా పొడవుది. పాట రాసేవాళ్ళకు ఇది ఛాందసంలా అనిపించవచ్చు. కానీ పద్యంలో కంటే పాటలోనే దీని అవసరం ఎక్కువ. పల్లవిలో రెండు లైన్లు ఒకే ట్యూన్ మీద నడుస్తున్నాయనుకోండి. మొదటి స్వరం రెండు లైన్లలోనూ ఒకే నిడివి ఉంటుంది. దాని మీద ఒకసారి "గాలి" పెట్టి, ఇంకోసారి "కల" పెడితే, పాడేవాళ్ళు రెండోదాన్ని "కాల" అని సాగదీయక తప్పదు. మాట అర్థమే మారిపోతుంది. రెండు లైన్ల ట్యూన్ వేరువేరుగా మొదలైతే మాత్రం ఈ నియమాన్ని సడలించుకోవచ్చు.

గురువు అంటే దీర్ఘం మాత్రమే కాదు. ద్విత్వం ముందో, సంయుక్తాక్షరం ముందో ఉన్న అక్షరం, సున్నా ఉన్న అక్షరం కూడా గురువే. అందుకే "వస్తే", "చూస్తే" రెండూ కలుస్తాయి. వ పొట్టిదైనా వెనక స్త ఉంది కాబట్టి బరువెక్కింది.

లైన్ మొదటి అక్షరానికి అదే లైన్ మధ్యలో ఒకచోట జత కలిపే యతిని ఈ పాటకు పెట్టుకోకండి. రెండు కట్లూ ఒకేసారి వేస్తే మొదట్లో చెయ్యి తిరగదు. ప్రాస కూడా అన్నిచోట్లా తప్పనిసరి కాదని సంప్రదాయమే చెబుతుంది. కందంలో, వృత్తాల్లో, ద్విపదలో ప్రాస ఉండాలి. ఆటవెలది, తేటగీతి, సీసాల్లో అక్కర్లేదు. సుమతీ శతకం కందాల్లో ఉంది కాబట్టి అందులో ప్రాస ఉంది. వేమన ఆటవెలదుల్లో చెప్పాడు, అక్కడ ఆ నిర్బంధం లేదు. ద్విపదలో ప్రాస వదిలేస్తే దానికి మంజరీ ద్విపద అని పేరే ఉంది. ఈ రెండు దారులూ మనవే అని గుర్తుంటే ఎక్కడ ప్రాస పెట్టాలో, ఎక్కడ వదలాలో మీరే ధైర్యంగా నిర్ణయించుకోగలరు.

మొదటి పని: చెప్పదలచుకున్నది మామూలు మాటల్లో రాయండి

ట్యూన్ వినకముందే, ప్రాస గురించి ఆలోచించకముందే, పాటలోని మనిషి ఏం చెప్పాలనుకుంటున్నాడో రెండు మూడు వాక్యాల్లో రాసుకోండి. స్నేహితుడితో ఫోన్‌లో ఎలా చెబుతారో అలాగే రాయాలి. మన ఉదాహరణ ఇది:

"నిన్న నువ్వు ఒక మాట అన్నావు. అది విన్నప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. ఎంత పని పెట్టుకున్నా అదే గుర్తొస్తోంది. ఉన్నచోట ఉండలేకపోతున్నా."

ఈ కాగితాన్ని పారేయకండి. చివర్లో పాటను దీనితోనే పోల్చి చూడాలి.

ఇప్పుడు ట్యూన్. నడక తిశ్రం అనుకుందాం. తకిట తకిట తకిట తకిట, లైన్‌కు నాలుగు మూళ్ళు, మొత్తం పన్నెండు మాత్రలు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ప్రతి లైన్ తాళం దెబ్బ మీదే మొదలవుతుంది.

రెండో పని: ప్రాసాక్షరాన్ని ఎంచుకోవడం

నా దృష్టిలో పాట బిగుసుకుపోవడమా, సాఫీగా నడవడమా అన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. అందుకే దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి.

రాసుకున్న వాక్యాల్లో తీసేయడానికి వీల్లేని మాటలు ఏవో చూడండి. ఇక్కడ "మాట", "నిద్ర", "నిన్న" అలాంటివి. ఒక్కోదాని రెండో అక్షరం తీసుకుని, దానికి కలిసే మాటలు గుర్తొచ్చినన్ని రాయండి.

నిద్ర తీసుకుంటే ద్ర వస్తుంది. ముద్ర, భద్రం, రుద్రుడు. అక్కడితో దారి దాదాపు మూసుకుపోయింది. నిద్రపోలేని మనిషి పాటలోకి రుద్రుడిని తీసుకొస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. "చంద్రుడు" కూడా ఇలాంటి ఉచ్చే. చాలా పాటల్లో మొదటి మాటగా మనసుకు తట్టేది చంద్రుడే. కానీ అక్కడ రెండో అక్షరం ంద్ర. దానికి జతగా ఇంద్రుడు, సంద్రం, మంద్రం, కేంద్రం లాంటివి తప్ప వాడుకలో ఇంకా పెద్దగా దొరకవు. ప్రాసలో సంయుక్తాక్షరం ఎంత అరుదైనదైతే పాట అంత త్వరగా నిఘంటువు దగ్గరకు పోతుంది.

మాట తీసుకుంటే ట. పాట, ఆట, బాట, తోట, కోట, నోట, చోటు, పూట, లోటు, చాటు. చాలా దొరికాయి, మొదట సంతోషమేస్తుంది. కానీ జాగ్రత్తగా చూడండి, దాదాపు అన్నీ నామవాచకాలే. దాటి, చాటి లాంటి ఒకటి రెండు క్రియలు తప్ప మిగతావి వస్తువుల, చోట్ల పేర్లు. ప్రతి లైన్ ఒక పేరుతో మొదలుపెట్టాలంటే ఆ పేరును లైన్‌లోకి తేవడానికి ఒక కారణం కల్పించాలి. తోట లేని కథలోకి తోట వస్తుంది, కోట లేని చోట కోట లేస్తుంది.

ఇప్పుడు నిన్న తీసుకుంటే న్న వస్తుంది. నన్ను, నిన్ను, నిన్న, మొన్న, ఎన్ని, అన్నీ, కొన్ని, ఉన్న, విన్న, అన్న, చిన్న, ఉన్నావా, విన్నావా, కన్ను, వెన్నెల, కన్నీళ్ళు. ఇందులో సర్వనామాలున్నాయి, కాలం చెప్పే మాటలున్నాయి, లెక్క అడిగే మాట ఉంది, క్రియలున్నాయి. మనం రోజూ వాక్యాలు మొదలుపెట్టేది ఇలాంటి మాటలతోనే.

నేను నమ్మే సూత్రం ఇదే: ప్రాసస్థానంలో వచ్చే మాటలు ఎక్కువగా సర్వనామాలో, ప్రశ్నపదాలో, క్రియలో అయితే పాట మాట్లాడినట్టు ఉంటుంది. అవన్నీ నామవాచకాలైతే వర్ణించినట్టు ఉంటుంది. వర్ణన కావాలనుకున్న పాటకు రెండోది సరే. మనసు విప్పి చెప్పే పాటకు మొదటిది కావాలి.

ఇలా వాడుకమాటలు దండిగా ఉన్న అక్షరాలు ఇంకా ఉన్నాయి. ప్పు తీసుకుంటే ఎప్పుడు, అప్పుడు, ఇప్పుడే, చెప్పు, తప్పు, నొప్పి వస్తాయి. క్క అయితే ఎక్కడ, ఇక్కడే, ఒక్క, పక్కన, లెక్క. ంట అయితే అంటే, ఉంటే, వింటే, ఏంటి, ఒంటరి, వెంట. నాకు బాగా ఇష్టమైనది స్త. వస్తే, చూస్తే, ఇస్తా, వస్తావా, కాస్త, నేస్తం, దోస్తీ. "కాస్త చూస్తావా" అన్న రెండు మాటల్లోనే ప్రాస ఉంది, ఎవరూ గమనించరు కూడా.

మీకు ఎంతో ఇష్టమైన మాట అరుదైన అక్షరంతో వస్తే దాన్ని వదిలేయక్కర్లేదు. లైన్ మొదట్లోంచి తీసి మధ్యలో పెట్టండి. అక్కడ దానికి ప్రాస కట్టు లేదు. మన పాటలో "నిద్ర" అలాగే మధ్యలోకి వెళ్తుంది.

ఒక్క అక్షరం మాటలు తీసుకొచ్చే వెసులుబాటు

నీ, నా, ఆ, ఈ, ఏ, ఓ లాంటి ఒంటి అక్షరం మాటతో లైన్ మొదలుపెడితే, దాని తర్వాతి మాటలోని మొదటి అక్షరమే ప్రాసాక్షరం అవుతుంది. ప్రాస లెక్కపెట్టేది అక్షరాలను, మాటలను కాదు. "ఆ రోజు"లో రెండో అక్షరం రో. అందుకు "పేరు", "దూరం", "ఊరంతా", "ఈ రాత్రి" అన్నీ కలుస్తాయి.

ఆ రోజు నన్ను నువ్వు
పేరు పెట్టి పిలిచావు

ఇందులో ప్రాస ఉందని చెప్తే తప్ప చాలామందికి తెలియదు. కానీ రెండు లైన్లు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు ఉంటాయి. ఈ ఒంటి అక్షరం మాటలన్నీ దీర్ఘాలే కాబట్టి జతగా వచ్చే లైన్ కూడా గురువుతో మొదలుకావాలి, అది ఒక్కటే చూసుకోవాలి. "ప్రేమ"కు జతగా "ధీమా", "భూమి" వెతుక్కునే బదులు "ఏమో", "నీ మాట", "ఆ మనిషి" అని మొదలుపెట్టి చూడండి, ఎంత తేలికవుతుందో తెలుస్తుంది.

మూడో పని: మాటల పట్టికను జల్లెడ పట్టడం

న్న పట్టికలో ఒక్కో మాట ముందు ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ పాటలోని మనిషి ఈ మాటను నోటితో అంటాడా? మిన్ను అనడు, ఆకాశం అంటాడు. కన్నె అనడు. "కన్నీరు" అనడు, కన్నీళ్ళు అంటాడు. వెన్నెల అంటాడు, కానీ ఈ కథలో వెన్నెలకు పనిలేదు. ఇలా కొట్టేశాక సగం మిగిలితే చాలు. ఆరేడు మాటలు మిగలకపోతే రెండో పనికి తిరిగి వెళ్ళి వేరే అక్షరం తీసుకోండి. ఉన్న నాలుగు మాటలతో కుస్తీ పట్టకండి.

జల్లెడ పట్టకుండా రాస్తే ఏమవుతుందో చూపించడానికి అదే ట్యూన్‌కు ఒక పల్లవి రాశాను.

నిన్న నీవు అన్న పలుకు
మిన్ను నంటె నాదు మదిని
కన్నె మనసు కలత జెందె
వెన్నెలేల వేడి జేసె

ప్రాస నాలుగు లైన్లలోనూ తప్పలేదు. మాత్రలు పన్నెండుకు పన్నెండు. అయినా ఇది పాటలా లేదు, ఏదో పాత పద్యంలోంచి తీసిన ముక్కలా ఉంది. ఎందుకో విడదీసి చూద్దాం. "నువ్వు" పోయి "నీవు" వచ్చింది, "నా" పోయి "నాదు" వచ్చింది. మొదటిది పాత రూపం, రెండోది మాత్రలు నింపడానికి చేసిన పాదపూరణం. "మిన్ను నంటె" దగ్గర మధ్యలో ఒక న చేరింది. అది పద్యంలో మాటల మధ్య ఖాళీ లేకుండా కలపడానికి వచ్చే నకారం, ఇవాళ ఎవరి నోటా రాదు. "జెందె", "జేసె" దగ్గర చకారం జకారమైంది, అదీ పద్యభాష అలవాటే. "ఎందుకు" బదులు "ఏల". ఇక నాలుగో లైన్‌లో వెన్నెల ఎందుకొచ్చింది? మన కాగితం మీద వెన్నెల లేనే లేదు. న్న ఉంది కాబట్టి వచ్చింది.

వీటిలో మాట రూపాలు పాతబడటం సులభంగా కనిపిస్తుంది, దిద్దుకోవడమూ తేలికే. వెన్నెల లాంటిది కనిపెట్టడం కష్టం. మాట చక్కగా ఉంటుంది, అందంగానూ ఉంటుంది, కానీ కథను దారి తప్పిస్తుంది. లైన్ రాశాక "ఇది నేను చెప్పాలనుకున్నదా, అక్షరం నాతో చెప్పించిందా" అని ఒకసారి మొదటి కాగితం తీసి చూసుకోండి.

నాలుగో పని: మాటను లైన్ మొదట్లో నిలబెట్టడం

ప్రాస మాట లైన్ మొదట్లోనే రావాలి కాబట్టి తెలుగు వాక్యంలో మొదట ఏం వస్తుందో గమనించాలి. మనం మాట్లాడేటప్పుడు వాక్యం మొదట కాలం చెప్పే మాట వస్తుంది (నిన్న, ఇప్పుడు), కర్త వస్తుంది (నేను, నువ్వు), పిలుపు వస్తుంది, ప్రశ్నపదం వస్తుంది, విశేషణం వస్తుంది (చిన్న మాట, విన్న మాట). క్రియ సాధారణంగా చివర వస్తుంది. కానీ ఆవేశంలో ఉన్నప్పుడు మనమే క్రియను ముందుకు తెస్తాం. "విన్నావా నువ్వు?", "చెప్పాను కదా నీకు!" అంటాం. అందుకే క్రియతో మొదలయ్యే లైన్ కోపమో, బతిమాలడమో, ఆశ్చర్యమో ఉన్న చోట సహజంగా ఉంటుంది. నెమ్మదిగా తలుచుకునే చోట ఎబ్బెట్టుగా ఉంటుంది.

మన పల్లవి నెమ్మదిగా తలుచుకునేది. కాబట్టి కాలం చెప్పే మాటతో మొదలుపెట్టి, తర్వాత విశేషణాల మీద నడిపాను.

నిన్న నువ్వు అన్న మాట
విన్న నాకు నిద్ర లేదు
చిన్న మాటె కాని చూడు
ఉన్న చోట ఉండనీదు

నిన్న, నువ్వు, అన్న, మాట: ఒక్కోటి మూడు మాత్రలు. రెండో లైన్ మొదటిదానికి కొనసాగింపే, రెండూ కలిపి చదివితే ఒక వాక్యం. ప్రాస మాటలు లైన్ మొదట్లో ఉన్నా వాక్యం మధ్యలో ఉన్నాయి, అందుకే అవి పొడుచుకు రావడం లేదు. ఇది మంచి పద్ధతి. ప్రతి లైన్‌నూ పూర్తి వాక్యం చేస్తే ప్రతి ప్రాస మాట దగ్గరా కొత్తగా మొదలుపెట్టినట్టు ఉంటుంది. వాక్యాన్ని రెండు లైన్ల మీద పరిస్తే ప్రాస దానంతటదే లోపలికి సర్దుకుంటుంది.

ఐదో పని: ఎక్కువైన ప్రాసను తగ్గించడం

పై నాలుగు లైన్లను గట్టిగా చదవండి. నిన్న, విన్న, చిన్న, ఉన్న. మొదటి లైన్‌లో "అన్న" కూడా ఉంది. మాటలన్నీ వాడుకలోవే, అయినా చిన్నపిల్లల పాటలా గంతులేస్తోంది. నిద్రపట్టని మనిషికి ఆ గంతు నప్పదు.

ఇక్కడ నియమమే మనకు సాయం చేస్తుంది. హల్లు ఒకటే ఉండాలంది కానీ అచ్చు ఒకటే ఉండాలనలేదు. నాలుగు చోట్లా న్నకు అకారమే ఉండటం వల్ల గంట కొట్టినట్టు వినిపిస్తోంది. ఒక్కచోట అచ్చు మారిస్తే ఆ మోత తగ్గుతుంది. పైగా మూడో లైన్‌లో "చూడు" కేవలం చోటు నింపడానికి వచ్చింది. కాగితం మీదున్న "ఎంత పని పెట్టుకున్నా" ఇంకా పాటలోకి రాలేదు. రెండూ కలిసొచ్చాయి.

నిన్న నువ్వు అన్న మాట
విన్న నాకు నిద్ర లేదు
ఎన్ని పనులు పెట్టుకున్నా
ఉన్న చోట ఉండనీదు

మూడో లైన్ చివర "న్నా" దీర్ఘం వల్ల ఒక మాత్ర ఎక్కువైంది. పాడేటప్పుడు దాన్ని కొంచెం కురచ చేసి నాలుగో లైన్‌లోకి జారిపోవచ్చు. వాక్యం అక్కడ ఆగకూడదు కాబట్టి ఆ జారడం అర్థానికీ మేలే. "లేదు", "ఉండనీదు" చివర కలవడం నేను వెతికి తెచ్చింది కాదు, వచ్చింది కాబట్టి ఉంచాను. మొదట్లో ప్రాస ఉన్న పాటకు చివర్లోనూ ప్రాస వెతికి మరీ పెడితే లైన్ రెండు వైపులా బిగుసుకుంటుంది.

ఇప్పుడు మొదటి కాగితంతో పోల్చండి. "గుర్తొస్తోంది" తప్ప అన్నీ వచ్చేశాయి, అది కూడా అర్థంలో ఉంది. కాగితం మీద లేనిది ఏదీ చేరలేదు.

చరణంలో అక్షరం మార్చండి, అవసరమైతే వదలండి

పాటంతా న్న మీద నడపక్కర్లేదు. ద్విపదలో రెండు పాదాలకు ఒక ప్రాస, తర్వాతి రెంటికి వేరొకటి వస్తుంది. పాటకు ఆ పద్ధతి బాగా సరిపోతుంది. చరణం కోసం కాగితం మీద ఇలా రాసుకున్నాను: "ఫోన్ చేతిలోనే ఉంది. కానీ నొక్కలేకపోతున్నా. నేను చేస్తే నువ్వు ఎత్తి ఏమీ మాట్లాడకపోతే?"

ఫోను, కానీ, నేను. వెతక్కుండానే మూడు మాటలకు న ప్రాస కుదిరింది, మూడింటికీ ముందు దీర్ఘమే. ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు ప్రాసకు అడ్డమని అనుకోకండి. తెలుగు ఉకారం చేరాక ఫోను, బస్సు, కారు మిగతా తెలుగు మాటల్లాగే ప్రాస కలుస్తాయి. ఒక్క జాగ్రత్త ఉంది. గాయకుడు "ఫోన్" అని పొల్లుతో పాడితే ను మాయమవుతుంది, చెవికి రెండో అక్షరంగా తర్వాతి మాటలోని చే వినిపిస్తుంది. కాబట్టి పాట కాగితం మీద "ఫోను" అనే రాయండి, రికార్డింగ్ ముందు ఆ మాట చెప్పండి.

ఫోను చేతిలోనె ఉంది
కాని వేలు కదలదేంటి
నేను చేస్తె నువ్వు ఎత్తి
మౌనమైతె ఏమనాలి

నాలుగో లైన్‌లో "మౌనం" న ప్రాసకు సరిగ్గా సరిపోయింది. కానీ ఫోన్ ఎత్తి మాట్లాడనివాళ్ళను "మౌనమైంది" అని మనం అనం. మూడు లైన్లు మాట్లాడుతూ వచ్చిన మనిషి ఒక్కసారిగా ఉపన్యాసం మొదలుపెట్టినట్టుంది. పట్టికంతా మళ్ళీ చూశాను. పోనీ, మాను, తాను ఏదీ ఇక్కడ కుదరలేదు. అందుకని ప్రాస వదిలేశాను.

ఫోను చేతిలోనె ఉంది
కాని వేలు కదలదేంటి
నేను చేస్తె నువ్వు ఎత్తి
ఊరుకుంటె ఏమనాలి

మూడు లైన్లు కలిసి, నాలుగోది విడిపోయింది. ఆ మనిషి భయమంతా ఆ చివరి లైన్‌లోనే ఉంది కాబట్టి అది విడిగా నిలబడటమే నాకు నచ్చింది. ప్రాస వదలాల్సి వస్తే ఇలాంటి చోట వదలండి. మొదటి రెండు లైన్లలో మాత్రం వదలకండి. వినేవాళ్ళ చెవి ప్రాసను పట్టుకునేది ఆ జతలోనే. అది పడితే తర్వాత ఒకటి తప్పినా ఫరవాలేదు. మొదటి జతే తప్పితే తర్వాత ఎన్ని కలిపినా చెవి వాటిని ప్రాసగా వినదు.

పాడించి చూడటం

కాగితం మీద ఉన్న ప్రాస పాటలో వినిపించకపోవచ్చు. ఒకసారి నేను జాగ్రత్తగా ప్రాస పెట్టి ఇచ్చిన పల్లవిలో, పాడినాయన ప్రతి లైన్‌లో మొదటి అక్షరం మీద పొడవైన గమకం వేశాడు. గమకం చాలా బాగుంది. కానీ రెండో అక్షరం వచ్చేసరికి అంతకుముందు లైన్‌లోని రెండో అక్షరం చెవిలోంచి జారిపోయింది, ప్రాస వినపడనేలేదు. అప్పటి నుంచీ ట్యూన్ చేతికి రాగానే మొదట చూసేది ఇదే: మొదటి అక్షరం ఎంతసేపు నిలుస్తుంది? రెండు మూడు దెబ్బలు దాటి నిలిస్తే అక్కడ ప్రాస కోసం శ్రమపడటం దండగ, అంత్యప్రాస చూసుకోవడం మేలు. మొదటి అక్షరం దెబ్బకు ముందే ఎత్తుకుని రెండో అక్షరం సరిగ్గా దెబ్బ మీద పడే ట్యూన్లు ఉంటాయి. వాటిలో ప్రాస బాగా గట్టిగా వినిపిస్తుంది. అలాంటి ట్యూన్‌లో అచ్చులు తప్పకుండా మార్చండి, ద్విత్వాలు తగ్గించండి, లేకపోతే సుత్తితో కొట్టినట్టుంటుంది.

చివరిగా, ట్యూన్ లేకుండా, లైన్లు విరవకుండా, పల్లవిని మామూలు వాక్యంలా ఎవరికైనా చదివి వినిపించండి. పాట అని చెప్పకండి. "నిన్న నువ్వు అన్న మాట విన్న నాకు నిద్ర లేదు, ఎన్ని పనులు పెట్టుకున్నా ఉన్న చోట ఉండనీదు." వినేవాళ్ళు "ఏం మాట?" అని అడిగితే లైన్లు కుదిరినట్టే. "బాగా రాశారు" అంటే, ఏ మాట దగ్గర అది రాసినట్టు అనిపించిందో అడిగి, ఆ మాట దగ్గరకే తిరిగి వెళ్ళండి. నాకు ఆ ఇబ్బంది "విన్న నాకు" దగ్గర వస్తుందేమోనని అనుమానం ఉంది. వస్తే "విన్న నుంచి" అని మార్చి చూడాలనుకుంటున్నాను. వ్యాకరణానికి అది "విన్నప్పటి నుంచి" కావాలి, మాత్రలు పట్టవు. కాబట్టి ఇప్పటికి "విన్న నాకు" అలాగే ఉంచాను.